మౌనంగా ఉన్న క్లయింటుకు చివరి నోటీసు: పని నిలిపివేత, ఫైళ్ళ నిలుపుదల

ప్రశ్న: విజయవాడలో ఇంటి నుంచే ప్యాకేజింగ్ డిజైన్ చేస్తుంటాను. హైదరాబాదులోని ఒక పచ్చళ్ళ సంస్థకు 12 లేబుళ్ళు 1,20,000 రూపాయలకు ఒప్పుకున్నాను. అడ్వాన్సు 36,000 వచ్చింది. మొదటి 8 లేబుళ్ళు ఖాయం చేస్తున్నామని ఏప్రిల్ 18న వాట్సాప్‌లో రాశారు, 20న రెండో విడత 60,000కు బిల్లు పంపాను, గడువు 27. రెండు నెలలైంది, ఫోన్ ఎత్తరు, మెసేజీకి జవాబు లేదు. మిగతా 4 లేబుళ్ళు సగంలో ఉన్నాయి. "ప్రతి విడత డబ్బు జమ అయ్యాకే ఆ విడత ప్రింట్ ఫైళ్ళు ఇస్తాను" అని కొటేషన్‌లో ఉంది, దానికి వాళ్ళు ఈమెయిల్‌లో ఒప్పుకున్నారు. నాకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పని మొదలవక ముందు నుంచే ఉంది, జీఎస్టీ లేదు. డబ్బు వచ్చేదాకా పని ఆపుతానని, ఫైళ్ళు ఇవ్వనని చివరిసారిగా రాయాలనుకుంటున్నాను. ఎలా రాయాలి? ఇలా ఆపితే నాకే ఏమైనా చిక్కు వస్తుందా?

సమాధానం:

కొటేషన్‌లో ఆ ఒక్క వాక్యం ఉండటం వల్ల మీరు రాయబోయే ఉత్తరం బెదిరింపు కాకుండా, ఇద్దరూ ముందే ఒప్పుకున్న షరతును గుర్తు చేయడం అవుతుంది. హైదరాబాదులో చాలాకాలంగా చిన్న డిజైన్ స్టూడియో నడుపుతూ ఇటువంటి నోటీసులు రాసినవాడిగా, మా రంగంలో మిత్రులకు రాసిపెట్టినవాడిగా చెబుతున్నాను: నోటీసు బలం అందులోని కటువైన మాటల్లో ఉండదు. మీ దగ్గర నిజంగా ఏమి మిగిలి ఉంది, మీరు అడుగుతున్న మొత్తం నేటికి చెల్లవలసినదేనా, ఆ ఉత్తరాన్ని రేపు మూడో మనిషి చదివితే విషయం పూర్తిగా అర్థమవుతుందా అన్న వాటిలో ఉంటుంది.

అందుకని రాయడానికి కూర్చునే ముందు, నిలిపి ఉంచుతానంటున్న ఫైళ్ళు నిజంగా మీ ఒక్కరి దగ్గరే ఉన్నాయో లేదో చూసుకోండి. మన రంగంలో చాలా నోటీసులు ఇక్కడే వీగిపోతాయి. ఆమోదం కోసం పంపిన ప్రూఫులు జేపీజీలా, పీడీఎఫ్‌లా? ఇలస్ట్రేటర్‌లో వాటర్‌మార్క్‌ను ఒక లేయరుగా పెట్టి, లేయర్లను కలపకుండా పీడీఎఫ్‌గా సేవ్ చేసి పంపి ఉంటే, ప్రింటింగు ప్రెస్సులో ఎవరైనా దాన్ని తెరిచి, ఆ లేయరు తీసేసి, అక్షరాలూ బొమ్మలూ చెక్కుచెదరకుండా వాడుకోగలరు. అలాగే రంగుల పరీక్ష కోసమో డై లైన్ సరిచూడటం కోసమో ప్రెస్సు వారికి నేరుగా ఫైలు పంపారేమో, గూగుల్ డ్రైవ్‌లో క్లయింటుకు తెరిచిపెట్టిన ఫోల్డరులో అసలు ఫైళ్ళు ఉన్నాయేమో వెతకండి. ఉంటే ఆ లేబుళ్ళు చేతులు దాటినట్టే లెక్క. వాటిని నిలిపి ఉంచానని నోటీసులో రాస్తే అది అబద్ధమవుతుంది, అవతలివారు మొదట పట్టుకునేది దాన్నే. చేతులు దాటని లేబుళ్ళ పేర్లు మాత్రమే రాయండి.

రెండో పని, ఆ మౌనం ఎవరిదో తెలుసుకోవడం. మీరు ఇన్నాళ్ళూ ఫోన్ చేస్తున్నది డిజైన్ ఖాయం చేసిన వ్యక్తికే అయి ఉంటుంది, కాని చిన్న సంస్థల్లో డబ్బు విడుదల చేసేది యజమాని, బిల్లు నమోదు చేసేది అకౌంటెంటు. వాట్సాప్‌లో పంపిన బిల్లు అకౌంటెంటుకు చేరకుండా ఆ వ్యక్తి ఫోన్‌లోనే ఉండిపోవడం నేను చాలాసార్లు చూశాను. కాబట్టి బిల్లును మరోసారి, ఈసారి సంస్థ అధికారిక ఈమెయిల్‌కు, అకౌంట్స్ వారి చిరునామాకు కూడా పంపి రెండు మూడు రోజులు చూడండి. దానితో పాటు ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ పేర కోసిన పన్ను వివరాలు చూపే పత్రాన్ని తెరిచి చూడండి. చెల్లింపుదారులు టీడీఎస్ వివరాలు మూడు నెలలకోసారి దాఖలు చేస్తారు గనుక అందులో కొంత ఆలస్యంగా కనబడుతుంది. అయినా మీ 60,000 మీద పన్ను కోసినట్టు ఆ సంస్థ పేరుతో నమోదు కనబడితే, మీ బిల్లు వారి ఖాతాపుస్తకాల్లోకి ఎక్కిందన్నమాట. ఆ తరువాత "బిల్లు అందలేదు", "పని నచ్చలేదు" అనడం వారికి కష్టం. ఇది ఇంకొకందుకు కూడా అవసరం. వృత్తిపరమైన రుసుము కింద 10 శాతం కోసి మీకు 54,000 జమ చేస్తే అది పూర్తి చెల్లింపే, మిగతా 6,000 మీ పాన్ మీద ప్రభుత్వానికి వెళుతుంది. ఆ సంగతి గమనించకుండా "ఆరు వేలు తక్కువ" అంటూ ఫైళ్ళు పట్టుకుని కూర్చుంటే, ఒప్పందం తప్పినవారు మీరే అవుతారు.

ఇక చట్టం సంగతి. బాకీ తీరేదాకా వస్తువును పట్టి ఉంచే హక్కు గురించి భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 170వ సెక్షన్ చెబుతుంది. ఎదుటివారు అప్పగించిన వస్తువు మీద మన శ్రమ, నైపుణ్యం పెట్టినప్పుడు కూలి ముట్టేదాకా దాన్ని ఉంచుకోవచ్చు. సానపట్టడానికి ముడి వజ్రం అందుకున్న నగల వ్యాపారికి ఆ హక్కు ఉంటుందని ఆ సెక్షన్‌లోనే ఉదాహరణ ఉంది. దాని పక్కనే దర్జీ ఉదాహరణ కూడా ఉంది, మన రంగంలో దీన్ని గుర్తుపెట్టుకునేవారు తక్కువ. కోటు కుట్టగానే ఇస్తానని, డబ్బుకు మూడు నెలలు ఆగుతానని మాటిచ్చిన దర్జీకి, డబ్బు రాలేదని కోటు పట్టి ఉంచే హక్కు లేదు. అప్పు గడువు ఇచ్చినవారు ఆ గడువు దాటేదాకా వస్తువును ఆపలేరన్నది దాని సారం. మీ గడువు ఏప్రిల్ 27తోనే ముగిసింది కాబట్టి ఆ ఇబ్బంది మీకు లేదు. కాని "బిల్లు తరువాత 60 రోజులకు చెల్లింపు" అని ఒప్పుకున్నవారు ఇదే నోటీసు 40వ రోజున పంపితే తప్పు వారిదే అవుతుంది.

నిజానికి మీరు ఆ 170వ సెక్షన్ జోలికి వెళ్ళనవసరం లేదు. మీ ప్రింట్ ఫైళ్ళు వారు మీకు అప్పగించిన వస్తువులు కావు, మీరు తయారు చేసి ఇంకా ఇవ్వనివి. మీకు ఆధారం అదే చట్టంలో పరస్పర వాగ్దానాల గురించి చెప్పే సెక్షన్లు, ముఖ్యంగా 54వది. ఒక పక్షం మాట నెరవేరితేనే రెండో పక్షం మాట అడగడానికి వీలయ్యే ఒప్పందంలో, ముందు చేయవలసినవారు చేయకపోతే, రెండోవారిని నిలదీసే హక్కు వారికి ఉండదు. "డబ్బు జమ అయ్యాకే ఫైళ్ళు" అన్న మీ వాక్యం సరిగ్గా ఆ వరుసను నిర్ణయించింది. కనుక ఫైళ్ళ విషయంలో మీరు గట్టి నేల మీదే ఉన్నారు.

పని ఆపడం విషయంలో మాత్రం నేల కొంచెం మెత్తన. రెండో విడత అందకపోతే మిగతా 4 లేబుళ్ళ పని ఆపుతానని మీ కొటేషన్ సూటిగా చెప్పలేదు. విడతల వరుసను బట్టి అలా అర్థం చేసుకోవచ్చు, అది సమంజసమైన అర్థమే, కాని వాదనకు తావున్న అర్థం. అందువల్ల నోటీసులో "రద్దు", "ఇంతటితో ముగిసింది", "ఇక చేయను" వంటి మాటలు వాడకండి. "తాత్కాలికంగా నిలిపివేస్తున్నాను, డబ్బు జమ కాగానే తిరిగి మొదలుపెడతాను, నిలిచిపోయినంత కాలం మేరకు తుది గడువు పెరుగుతుంది" అని రాయండి. రద్దు అని రాస్తే, ఒప్పందాన్ని మీరే తెంచారు గనుక మీరు తీసుకున్న 36,000 తిరిగి ఇవ్వాలని అవతలివారు వాదన ఎత్తుకునే అవకాశం ఇచ్చినట్టే.

ఆపకూడనివి కూడా కొన్ని ఉన్నాయి. వారు మీకిచ్చిన సరుకు, అంటే నమూనా సీసాలు, పాత లేబుళ్ళు, ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు ప్రతి, బార్‌కోడ్ సంఖ్యలు, పెన్‌డ్రైవులో ఇచ్చిన కుటుంబం ఫోటోలు, వారివే. వాటి మీద మీరు చేసిన పనంటూ ఏమీ లేదు గనుక వాటిని పట్టి ఉంచే హక్కు కూడా లేదు. అడగగానే తిరిగి ఇస్తానని నోటీసులోనే రాయండి, అది మిమ్మల్ని న్యాయంగా నడుచుకునే మనిషిగా చూపిస్తుంది. వారి వెబ్‌సైటు, వారి ఇన్‌స్టాగ్రామ్ ఖాతా, వారి డ్రైవ్ ఫోల్డరు పాస్‌వర్డులు మీ దగ్గర ఉంటే వాటి జోలికి అసలు వెళ్ళవద్దు. వాడుకునే హక్కున్న మనిషిని అనుమతి లేకుండా కంప్యూటరు వ్యవస్థ నుంచి అడ్డుకోవడం సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 43వ సెక్షన్ కిందికి వస్తుంది, దురుద్దేశంతో చేసినట్టు తేలితే 66వ సెక్షన్ కింద నేరమే అవుతుంది. వెబ్ డెవలపర్లు కొందరు డబ్బు రాలేదని నడుస్తున్న సైటును మూసేసి ఇందులో ఇరుక్కుంటారు. ఇవ్వని ఫైలు ఇవ్వకుండా ఉండటం వేరు, ఇచ్చినదాన్ని లాగేసుకోవడం వేరు. (ఇది చదివే న్యాయవాదులు ఎవరైనా ఉంటే: మీకు ఈ సలహా వర్తించదు. ఫీజు బాకీ ఉందని కక్షిదారుడి కేసు కాగితాలు పట్టి ఉంచే హక్కు న్యాయవాదికి లేదని సుప్రీంకోర్టు 2000లో స్పష్టంగా చెప్పింది.)

కాపీరైటు గురించి ఒక్క పేరా. లేబుల్ గీసిన స్వతంత్ర డిజైనరే సాధారణంగా దాని మొదటి హక్కుదారు, రాతపూర్వకంగా సంతకం చేసి బదిలీ చేస్తే తప్ప ఆ హక్కు చేతులు మారదు. కాని కాపీరైటు చట్టంలోని 17వ సెక్షన్ ఫోటోలను, పెయింటింగులను వేరుగా చూస్తుంది. డబ్బు తీసుకునే ఒప్పందం మీద ఇంకొకరి కోరికపై తీసిన ఫోటోకు, వేరే ఒప్పందం లేకపోతే, ఆ కోరినవారే మొదటి హక్కుదారు. మీ లేబుళ్ళలో ఆవకాయ జాడీ ఫోటోలు మీరే తీసి ఉంటే "వీటి హక్కులన్నీ నావే" అని గంభీరంగా రాయడం వల్ల ఎదురు వాదన కొనితెచ్చుకోవడమే అవుతుంది. కాపీరైటు మాట ఎత్తకుండా, షరతు ప్రకారం ఇవ్వవలసిన సమయం ఇంకా రాలేదు అన్న ఒక్క మాట మీదే నిలబడండి.

ఎంత అడగాలి? 60,000 మాత్రమే. కోపంలో మిగతా 24,000 కూడా కలిపి 84,000 అడగాలనిపిస్తుంది, కాని ఆ విడత పని ఇంకా పూర్తి కాలేదు, బిల్లూ వేయలేదు. చెల్లవలసిన సమయం రాని మొత్తాన్ని కలిపితే, చెల్లవలసిన మొత్తం కూడా వివాదంలోకి వెళుతుంది. వడ్డీని మాత్రం ప్రస్తావించండి. మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంది గనుక సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం, 2006 మీకు వర్తిస్తుంది. దాని 15వ సెక్షన్ ప్రకారం ఒప్పుకున్న తేదీలోగా చెల్లించాలి, ఆ తేదీ పనిని అంగీకరించిన నాటి నుంచి 45 రోజులు మించకూడదు. అది దాటితే 16వ సెక్షన్ ప్రకారం రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా అసలులో కలుస్తూ పెరుగుతుంది. బ్యాంకు రేటు 5.50 శాతం అనుకుంటే ఏటా 16.50 శాతం, అంటే మీ 60,000 మీద మొదటి నెలకు 825 రూపాయలు. ఈ డబ్బుతో ఎవరూ భయపడరు. భయపెట్టేది వారి అకౌంటెంటుకు మాత్రమే తెలిసిన ఇంకో సంగతి. 2023లో ఆదాయపు పన్ను చట్టానికి చేసిన సవరణ ప్రకారం, సూక్ష్మ, చిన్న సంస్థలకు ఆ 15వ సెక్షన్ గడువులోగా చెల్లించని మొత్తాన్ని, నిజంగా చెల్లించిన ఏడాదిలో తప్ప ఖర్చుగా చూపించుకోలేరు. మార్చి నెలలో పాత బిల్లులు హఠాత్తుగా చెల్లడానికి ఇది ఒక కారణం. కాబట్టి ఉద్యమ్ సంఖ్య నోటీసులో ఉండాలి, ఆ నోటీసు ప్రతి అకౌంట్స్ వారికి కూడా వెళ్ళాలి.

ఇప్పుడు ఉత్తరం. జూన్ 24న పంపుతున్నట్టు అనుకుని రాశాను, తేదీలు మార్చుకోండి. మీ ఉత్తరప్రత్యుత్తరాలు ఇంగ్లీషులో సాగి ఉంటే దీన్నీ ఇంగ్లీషులోనే పంపండి, క్రమం మాత్రం ఇదే ఉంచండి.

"విషయం: చివరి నోటీసు. ఏప్రిల్ 20 నాటి బిల్లు, 60,000 రూపాయలు. పని నిలిపివేత, ప్రింట్ ఫైళ్ళ నిలుపుదల.

యాజమాన్యం వారికి నమస్కారం.

మీ సంస్థ పచ్చళ్ళ లేబుళ్ళ డిజైన్ కోసం నేనిచ్చిన కొటేషన్‌ను మీరు ఈమెయిల్ ద్వారా అంగీకరించారు. అందులోని మొదటి 8 లేబుళ్ళను ఏప్రిల్ 18న మీరు వాట్సాప్ ద్వారా ఖాయం చేశారు. వాటికి సంబంధించిన రెండో విడత 60,000 రూపాయల బిల్లును ఏప్రిల్ 20న పంపాను. దాని గడువు ఏప్రిల్ 27తో ముగిసింది. ఆ బిల్లు పైన గాని, డిజైన్ల పైన గాని నేటి వరకు మీ నుంచి నాకు ఎటువంటి అభ్యంతరమూ అందలేదు. గుర్తుచేస్తూ నేను పంపిన సందేశాలకు జవాబు రాలేదు.

ఈ మొత్తం జూలై 3 సాయంత్రం 5 గంటలలోగా కింది బ్యాంకు ఖాతాలో జమ కావాలని కోరుతున్నాను. చట్టప్రకారం పన్ను కోసినట్టయితే ఆ వివరం తెలియజేయగలరు, మిగిలిన మొత్తాన్ని పూర్తి చెల్లింపుగా స్వీకరిస్తాను.

ఆ సమయానికి జమ కాని పక్షంలో, జూలై 4 నుంచి మిగతా 4 లేబుళ్ళ పని తాత్కాలికంగా నిలిచిపోతుంది. అంగీకరించిన కొటేషన్‌లోని షరతు ప్రకారం మొదటి 8 లేబుళ్ళ ప్రింట్ ఫైళ్ళు, ఎడిట్ చేయదగిన ఫైళ్ళు నా వద్దే భద్రంగా ఉంటాయి. ఆ షరతు నెరవేరే వరకు అవి మీకు గాని, మీ తరఫున ప్రింటింగు ప్రెస్సుకు గాని ఇవ్వబడవు. మీరు నాకిచ్చిన నమూనాలు, ఫోటోలు, పత్రాలు మీవే. మీరు ఎప్పుడు అడిగినా వాటిని తిరిగి పంపుతాను.

డబ్బు నా ఖాతాలో జమ అయిన ఒక పనిదినంలోగా 8 లేబుళ్ళ ప్రింట్ ఫైళ్ళు మీ ఈమెయిల్‌కు పంపుతాను, మిగతా పనిని మూడు పనిదినాలలోగా తిరిగి మొదలుపెడతాను. పని నిలిచిన రోజుల మేరకు తుది గడువు పెరుగుతుంది.

నా ఉద్యమ్ సంఖ్య కింద ఇచ్చాను. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం, 2006 ప్రకారం ఏప్రిల్ 28 నుంచి వర్తించే వడ్డీ హక్కును, ఆ చట్టం కింద బాకీ వివాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌ను ఆశ్రయించే హక్కును నేను వదులుకోవడం లేదు.

బిల్లు పైన లేదా డిజైన్ పైన మీకు ఏదైనా అభ్యంతరం ఉంటే జూలై 3 లోగా రాతపూర్వకంగా తెలియజేయగలరు."

ఇందులో కొన్ని వాక్యాలు ఎందుకున్నాయో చెప్పాలి. "అభ్యంతరమూ అందలేదు" అన్న వాక్యం మర్యాద కోసం పెట్టినది కాదు. సేవ అందిన 15 రోజులలోగా కొనుగోలుదారు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అంగీకరించినట్టే 2006 చట్టం భావిస్తుంది. వారి మౌనం మీకు పనికొచ్చేది ఇక్కడే. అయినా చివర్లో అభ్యంతరం ఉంటే రాయమని పిలిచాము, ఎందుకంటే నిజంగా ఏదైనా ఫిర్యాదు ఉంటే అది కౌన్సిల్ ముందు కొత్తగా పుట్టుకొచ్చే కంటే ఇప్పుడే బయటపడటం మేలు.

"జమ అయిన" అన్న మాటను "పంపిన" అని మార్చకండి. నెఫ్ట్ రసీదు స్క్రీన్‌షాట్లు, తరువాతి తేదీ వేసిన చెక్కులు ఈ దశలో చాలా వస్తాయి. చెక్కు అందితే తీసుకోండి, కాని ఫైళ్ళు ఇచ్చేది అది క్లియర్ అయ్యాకే.

గడువు తేదీతో పాటు గంట కూడా రాశాము, "వారం లోగా" అనలేదు. వారం ఏ రోజు నుంచి లెక్క అన్న ప్రశ్నకే ఇంకో వారం పోతుంది. తొమ్మిది రోజుల వ్యవధి నాకు సరైనదనిపిస్తుంది. రెండు రోజులిస్తే మొండితనంలా కనబడుతుంది, నెల ఇస్తే ఇది కూడా గుర్తుచేసే ఇంకో సందేశంగా మిగిలిపోతుంది. ఇక పోలీసు ఫిర్యాదు, గూగుల్ రివ్యూ, ఫేస్‌బుక్ పోస్టు వంటివేవీ ఉత్తరంలో ఉండకూడదు. డబ్బివ్వకపోతే పరువు తీస్తాను అన్న మాట రాతలో దొరికితే అది మీ మీదే ఫిర్యాదుకు పనికొస్తుంది.

పంపే తీరు: సంస్థ ఈమెయిల్‌కు సంతకం చేసిన పీడీఎఫ్, దాని ప్రతి అకౌంట్స్ వారికి, వాట్సాప్‌లో అదే పీడీఎఫ్, కాగితం మీద అదే ఉత్తరం వారి రిజిస్టరు చిరునామాకు. రిజిస్టర్డ్ పోస్టును తపాలా శాఖ 2025లో స్పీడ్ పోస్టులో కలిపేసింది గనుక, స్పీడ్ పోస్టులోనే రిజిస్ట్రేషన్ సదుపాయం, డెలివరీ రుజువు అడిగి పంపండి. పేరు రాసేటప్పుడు బ్రాండు పేరు కాకుండా, అడ్వాన్సు ఎవరి ఖాతా నుంచి వచ్చిందో ఆ సంస్థ పూర్తి పేరు రాయండి. పచ్చళ్ళ సీసా మీద ఒక పేరు, బ్యాంకు ఖాతాలో ఇంకో పేరు ఉండటం మామూలే. ఏప్రిల్ 18 నాటి వాట్సాప్ సంభాషణను స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టకుండా చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ ఫోన్‌ను కూడా జాగ్రత్త చేయండి. ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో పెట్టాలంటే 2023 నాటి సాక్ష్య చట్టంలోని 63వ సెక్షన్ ప్రకారం ధృవపత్రం జతచేయాలి, అసలు ఫోన్ మీ దగ్గర ఉంటే ఆ పని సులువవుతుంది.

గడువు దాటిన మర్నాడు ఒకే వాక్యం పంపండి: "నోటీసులో తెలిపిన ప్రకారం నేటి నుంచి పని నిలిచింది, ఫైళ్ళు నా వద్ద ఉన్నాయి." తరువాత నిజంగానే ఆపండి. ఇక్కడే ఎక్కువమంది జారిపోతారు. నోటీసు వెళ్ళిన తరువాత క్లయింటు తిరిగి కనబడటం చాలావరకు డబ్బుతో కాదు, ఫోన్‌తో. ప్రెస్సువాడు ఎదురుచూస్తున్నాడు, ఒక్క గోంగూర లేబుల్ పంపండి, సాయంత్రానికి డబ్బు వేస్తాం అంటారు. ఒక్కటి పంపితే షరతును మీరే సడలించినట్టు, మిగతా ఏడూ ఎందుకివ్వరన్న ప్రశ్నకు మీ దగ్గర జవాబుండదు. ఫోన్‌లో మర్యాదగా విని, "జమ కాగానే ఒక పనిదినంలో పంపుతాను" అన్న మాటనే ఈమెయిల్‌లో రాసి పంపండి.

కొంత డబ్బు వస్తే, ఉదాహరణకు 30,000 జమ అయితే, తీసుకుని రసీదు రాయండి: ఇంత అందింది, ఇంకా ఇంత బాకీ, పూర్తి మొత్తం జమ అయ్యాకే ఫైళ్ళు. నాలుగు లేబుళ్ళు ఇచ్చేయవచ్చు కదా అని కొందరంటారు. సరుకు అమ్మకానికి ఏ నాలుగు ముఖ్యమో వారికి తెలుసు, అవి అందాక మిగతా 30,000 కోసం మీరు ఇంకో రెండు నెలలు తిరగాలి. నేనైతే విడగొట్టను. క్లయింటు తన చిక్కును నిజాయితీగా చెప్పి, వాయిదాలు రాతపూర్వకంగా అడిగితే మాత్రం ఏ వాయిదాకు ఏ లేబుళ్ళో ముందే రాసుకుని ఒప్పుకుంటాను, అప్పుడది కొత్త షరతు.

డిజైన్ నచ్చలేదని హఠాత్తుగా అభ్యంతరం వస్తే, కోపగించుకోకుండా ఏ లేబుల్‌లో ఏమి లోపమో రాయమని అడిగి, ఏప్రిల్ 18 నాటి ఆమోదాన్ని జతచేయండి. నిజమైన లోపం, అంటే నికర బరువో తయారీ తేదీ స్థానమో తప్పుగా ఉంటే, సరిదిద్దిన వాటర్‌మార్క్ ప్రూఫు పంపండి. సరిదిద్దడానికి నిరాకరించారన్న మాట మీ మీద పడకూడదు.

ఏమీ రాకపోతే చిన్న సంస్థల బాకీ ఫిర్యాదుల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఆన్‌లైన్ పోర్టల్‌లో ఉద్యమ్ సంఖ్యతో దరఖాస్తు చేసుకోవచ్చు. కొనుగోలుదారు దేశంలో ఎక్కడున్నా, సరఫరాదారు ఉన్నచోటి ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు విచారించే అధికారం ఆ చట్టమే ఇచ్చింది గనుక, మీరు హైదరాబాదు తిరగనక్కరలేదు, ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్ చాలు. 90 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది, ఆచరణలో అంతకు మించే పడుతుంది. అయితే కౌన్సిల్ మీకు అనుకూలంగా తేల్చితే, దాన్ని సవాలు చేయాలంటే కొనుగోలుదారు ఆ మొత్తంలో 75 శాతం ముందు డిపాజిట్ చేయాలి, అందుకే నోటీసు అందాక చాలామంది అకౌంటెంట్లు ఈ దశ దాకా రానివ్వరు. మామూలు దావాకు మూడేళ్ళ కాలపరిమితి ఉంటుంది కాబట్టి రేపే పరుగెత్తాల్సిన పని లేదు. దరఖాస్తుకు కావలసినవి కొటేషన్, దాన్ని అంగీకరించిన ఈమెయిల్, ఏప్రిల్ 18 నాటి చాట్, బిల్లు, ఈ నోటీసు, దాని డెలివరీ రుజువు. ఆగిపోయిన 4 లేబుళ్ళు ఏ దశలో ఉన్నాయో జూలై 4 తేదీతో వాటర్‌మార్క్ వేసిన జేపీజీలుగా తీసి వాటితోపాటే దాచండి.